తుడవగా మిగిలిన రెండు గళ్లు

(మా స్టాటిస్టిక్స్ మాస్టారి స్మృతిలో ఖమ్మంలో చేసిన ఉపన్యాసం పాఠం)

 

స్మారకోపన్యాసం అంటే పోయినవారి గుణగణాలు చెప్పాలని కొందరు మిత్రులు సూచించారు. మాస్టారు ఉంటే, పది నిమిషాలు కాకుండానే "లెక్క ఏదోయ్?" అని అడిగేవారు. అందుకని ఒక లెక్క తెచ్చాను. అది నా ఫోనులో ఉంది. మాస్టారు చివరిగా క్లాసు చెప్పిన రోజున చర్ల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి నల్లబల్లను ఫోటో తీసింది. ఫోటో వంకరగా ఉంది. కిటికీ వెలుతురు పడి బల్ల అక్కడక్కడ తెల్లబోయింది. ఒక అంచున మాస్టారి చొక్కా చెయ్యి, ఆ చేతిలో డస్టరు కనిపిస్తాయి. పట్టిక సగం తుడిచి ఉంది.

ఆ సగం తుడవడమే పాఠమని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు తెలుసు. మిగతావాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను.

లెక్క ఇది. భద్రాచలం చుట్టుపక్కల 240 ఇళ్లకు వెళ్లి ఒకే ప్రశ్న అడిగారనుకుందాం: నిన్న రాత్రి ఇంట్లో వాళ్లు దోమతెర కింద పడుకున్నారా? ఇళ్లను మూడు తీరులుగా విడదీశారు. అడవి లోపలి గూడేల్లో 80 ఇళ్లు, రోడ్డు పక్క ఊళ్లలో 100, గోదావరి గట్టు ఊళ్లలో 60. మలేరియా ఎరిగిన ఏజెన్సీ కాబట్టి ప్రశ్న ఎవరికీ కొత్త కాదు. అంకెలు మాత్రం మాస్టారు పాఠం కోసం వేసుకున్నవి. ఏ శాఖ నివేదికలోనివీ కావు, దయచేసి వీటిని పట్టుకుని ఎవరూ వార్త రాయకండి. ఊరి తీరుకూ దోమతెర వాడకానికీ ఏమైనా సంబంధం ఉందా, లేక రెండూ దేని దారిన అవి పోతున్నాయా అన్నది తేల్చాలి. దీన్నే కై-స్క్వేర్ స్వతంత్రతా పరీక్ష అంటాం.

ఫోటోలో మొత్తాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. పక్కన 80, 100, 60. కింద "పడుకున్నారు" 150, "లేదు" 90. మూలన 240. లోపలి ఆరు గళ్లలో నాలుగు తుడిచేశారు. మిగిలినవి రెండే: గూడేల వరసలో 41, రోడ్డు ఊళ్ల వరసలో 71.

మాస్టారు డస్టరు పట్టుకుని ఒక్కో గడీ తుడుస్తూ "చెప్పగలరా?" అని అడిగేవారు. రోడ్డు ఊళ్ల "లేదు" గడి తుడిచారు. వంద ఇళ్లలో 71 పోతే 29, చెప్పేశాం. గూడేల "లేదు" గడి తుడిచారు. 80లో 41 పోతే 39. గోదావరి వరస మొత్తం తుడిచేశారు. పై నుంచి కిందికి కూడితే 150 రావాలి కాబట్టి 150లోంచి 41, 71 తీసేస్తే 38. అరవైలో ఆ 38 పోతే 22. నాలుగు గళ్లు పోయినా పట్టిక చెక్కు చెదరలేదు. అప్పుడు ఆయన 71 మీద డస్టరు పెట్టి ఆగేవారు. "ఇది కూడా తుడిచేదా?" అది తుడిస్తే మిగిలిన ఒక్క 41తో గూడేల వరస మాత్రమే నిండుతుంది. మిగతా రెండు వరసలు రకరకాలుగా నింపుకోవచ్చు, మొత్తాలు అన్నిటికీ సరిపోతాయి.

తుడవకుండా ఉంచాల్సిన ఆ రెండే ఈ పట్టిక డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. మొత్తాలు ఖాయమైపోయాక, తమ ఇష్టం వచ్చినట్టు మారగల గళ్లు ఎన్నో ఆ సంఖ్య. వరసల్లో ఒకటి తగ్గించి, నిలువు వరసల్లో ఒకటి తగ్గించి గుణించమని పుస్తకం చెబుతుంది. మనకు మూడు వరసలు, రెండు నిలువు వరసలు. 2 × 1 = 2. డస్టరుతో నేర్చుకున్నవాళ్లకు ఈ సూత్రం బట్టీ పట్టే పని పడలేదు.

ఇక్కడ ఫోటో గురించి ఒక మాట. పట్టిక పూర్తిగా కనిపిస్తే మొత్తాలు మనకు కాపలా కాస్తాయి. 29ని 24 అని చదివామనుకోండి, వరస 95కే ఆగిపోతుంది, తప్పు దొరికిపోతుంది. రెండే గళ్లు మిగిలినప్పుడు ఆ కాపలా పోతుంది. మనం చదివిందాని మీదే మిగతా నాలుగూ నిలబడతాయి కాబట్టి ఏది చదివినా మొత్తాలు కుదిరిపోతాయి. మరీ ఘోరంగా చదివితే బయటపడుతుంది. 71ని 11 అనుకుంటే గోదావరి వరసలో 98 ఇళ్లు రావాలి, అక్కడున్నవి అరవయ్యే. కానీ 41లోని ఒకటి, కిటికీ వెలుగులో ఏడులా ఉంది. ఆ అమ్మాయి మొదట 47 అనే రాసుకుంది. 47 అయితే పక్కన 33, కింద 32, 28. ఒక్క మొత్తం కూడా తప్పలేదు. దీని పర్యవసానం ఏమిటో కాసేపట్లో చెబుతాను.

ఫోటోను పెద్దది చేసి చూస్తే, తుడిచిన పక్క గడిలో చాక్‌పీసు జాడ కొంచెం మిగిలి ఉంది. చివరి అంకె తల గుండ్రంగా, తోక కిందికి ఉంది. అది తొమ్మిది. మూడు కాదు. 80లోంచి 39 పోతే 41. ఇలా తుడిచిన గడే మిగిలిన గడికి సాక్ష్యం చెప్పింది. ఫోటోలోంచి పట్టిక ఎత్తి రాసుకునేటప్పుడు నేను ఇప్పటికీ లెక్క కంటే ముందు ఈ పని చేస్తాను. అనుమానపు అంకె పక్కనున్న గడిలో ఏ జాడ ఉందో చూస్తాను.

ఇప్పుడు ఆశించిన సంఖ్యలు. ఎక్స్‌పెక్టెడ్ అనగానే పిల్లలు "ఎవరు ఆశించారు సార్?" అని అడుగుతారు. ఎవరూ ఆశించలేదు. సంబంధం ఏమీ లేకపోతే ఎలా ఉండేదో ఆ లెక్క అది, అంతే. మొత్తం 240 ఇళ్లలో 150 ఇళ్లవాళ్లు దోమతెర కింద పడుకున్నారు, అంటే నూటికి 62.5. ఊరి తీరుతో నిమిత్తం లేకపోతే ఈ పాలే గూడేల్లోనూ, రోడ్డు మీదా, గట్టు మీదా ఉండాలి. 80లో 62.5 శాతం అంటే 50. వందలో 62.5. అరవైలో 37.5. "లేదు" వైపు మిగిలినవి 30, 37.5, 22.5. అర ఇల్లు ఎక్కడుంటుందని అడగకండి, అది సగటు లెక్క. దాన్ని 63కు సవరించకూడదు కూడా. సవరిస్తే ఆశించిన సంఖ్యల మొత్తాలు పక్క మొత్తాలతో కలవవు.

పట్టిక ఇలా నిండింది. బ్రాకెట్లలో ఉన్నవి ఆశించిన సంఖ్యలు.

| ఊరి తీరు | పడుకున్నారు | లేదు | మొత్తం |
|---|---|---|---|
| అడవి గూడేలు | 41 (50) | 39 (30) | 80 |
| రోడ్డు పక్క ఊళ్లు | 71 (62.5) | 29 (37.5) | 100 |
| గోదావరి గట్టు | 38 (37.5) | 22 (22.5) | 60 |
| మొత్తం | 150 | 90 | 240 |

ప్రతి గడిలో ఉన్న దానికీ ఉండాల్సిన దానికీ తేడా తీసి, వర్గం చేసి, ఉండాల్సిన దానితో భాగిస్తాం. గూడేల వరసలో తేడా 9. తొమ్మిది తొమ్ముల 81. యాభైతో భాగిస్తే 1.62, ముప్ఫైతో భాగిస్తే 2.70. ఒకే తొమ్మిది ఇళ్ల తేడా అయినా, ముప్ఫై ఆశించిన చోట అది పెద్ద తేడా, యాభై ఆశించిన చోట చిన్నది. భాగించడం ఎందుకో అక్కడ తెలుస్తుంది. రోడ్డు వరసలో తేడా 8.5, వచ్చేవి 1.16, 1.93. గోదావరి వరసలో తేడా అర ఇల్లే, రెండు గళ్లూ కలిపినా 0.02 దాటదు. అన్నీ కూడితే 7.42.

ఈ 7.42 ఎక్కువా తక్కువా? దానంతట అదిగా చూస్తే చెప్పలేం. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ రెండు అయినప్పుడు, సంబంధమే లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా నూటికి ఐదుసార్లు 5.99 దాటుతుంది. మన 7.42 ఆ గీత దాటింది. కచ్చితంగా చెప్పాలంటే, సంబంధం లేని లోకంలో ఇంత తేడాగానీ, ఇంతకు మించిన తేడాగానీ నూటికి రెండున్నర సార్ల కంటే కొంచెం తక్కువే వస్తుంది.

ఇప్పుడు 47 సంగతి. ఆ అమ్మాయి మొదట రాసుకున్న 47తో ఇదే లెక్క చేస్తే 5.71 వస్తుంది. 5.99 దాటదు. చాక్‌పీసుతో గీసిన ఒకటికి నెత్తిన కనిపించిన చిన్న కొక్కెం వల్ల తీర్పు మారిపోయేది. ఐదు శాతం గీత మీద ఎక్కువ గర్వం వద్దని మాస్టారు ఎందుకనేవారో నాకు అప్పుడు తెలిసింది.

అంకె సరిచేసుకున్నాక కూడా ఆ అమ్మాయి లెక్క తప్పింది. ఈ ఉపన్యాసానికి నన్ను కూర్చోబెట్టింది ఆ తప్పే. నింపుకున్న పట్టికంతా, "మొత్తం" అని రాసిన వరస, "మొత్తం" అని రాసిన నిలువు వరసతో సహా, కంప్యూటర్లో ఎక్కించింది. నాకు ఫోన్ చేసి, "సార్, మీకు వచ్చిందే నాకూ వచ్చింది, 7.42. కానీ సంబంధం లేదంటోంది" అంది. చూస్తే నిజమే. R అనే ప్రోగ్రామ్‌లో నాకు వచ్చింది పైది, ఆ అమ్మాయికి వచ్చింది కిందిది.

```
X-squared = 7.4204, df = 2, p-value = 0.02447
X-squared = 7.4204, df = 6, p-value = 0.2837
```

ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆలోచిస్తే సహజమే. మొత్తాలను కూడా గళ్లుగా ఇస్తే ప్రోగ్రామ్ వాటిని మళ్లీ కూడుతుంది. అప్పుడు వరస మొత్తాలు రెట్టింపు, నిలువు మొత్తాలు రెట్టింపు, అంతా కలిపి నాలుగు రెట్లు, 960. గూడేల మొదటి గడికి ఆశించిన సంఖ్య 160ని 300తో గుణించి 960తో భాగిస్తే మళ్లీ 50. మిగతావీ అంతే. "మొత్తం" గళ్లలో ఉన్నదీ ఆశించిందీ ఒకటే కాబట్టి వాటినుంచి వచ్చేది సున్నా. అందుకే 7.42 చెక్కు చెదరదు. మారేది ఒక్క డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. నాలుగు వరసలు, మూడు నిలువు వరసలు అనుకుని ప్రోగ్రామ్ 3 × 2 = 6 తీసుకుంది. ఆరుకు గీత 12.59. మన 7.42 దాని దరిదాపుల్లో లేదు.

కై-స్క్వేర్ విలువ సరిపోయిందా అని మాత్రమే సరిచూసుకునేవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. దొరికేది df పక్కనున్న అంకెలోనే. అక్కడ ఆరు కనిపిస్తే, ఈ పట్టికలో ఆరు గళ్లూ స్వేచ్ఛగా మారతాయా అని ఒక్కసారి అడిగి చూడండి. నాలుగు గళ్లు మన కళ్లముందే తుడిచి, మళ్లీ నింపాం కదా.

ఆ అమ్మాయి సిగ్గుపడింది. సిగ్గుపడక్కర్లేదన్నాను, ఎందుకంటే ఈ పరీక్షను కనిపెట్టినాయనే ఇలాంటి చోటే తప్పాడు. కార్ల్ పియర్సన్ 1900లో కై-స్క్వేర్‌ను ప్రకటించాడు. పట్టికకు దాన్ని వాడినప్పుడు, గళ్ల సంఖ్యలోంచి ఒక్కటి మాత్రమే తీసేయాలన్నాడు. ఆయన లెక్కన మన ఆరు గళ్ల పట్టికకు ఐదు రావాలి, గీత 11.07కు పోవాలి. మన 7.42 ఆయన చేతిలోనూ ఓడిపోయేది. ఆయన మరిచింది ఏమిటంటే, ఆశించిన సంఖ్యలు ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఈ పట్టిక మొత్తాల నుంచే తీసుకున్నాం. మొత్తాలకు కట్టుబడిన ప్రతిసారీ కొంత స్వేచ్ఛ పోతుంది.

టీకాల పట్టికల మీద పనిచేస్తున్న గ్రీన్‌వుడ్, యూల్ అనే ఇద్దరు 1915లో ఒక చిక్కు గమనించారు. టైఫాయిడ్, కలరా టీకా వేయించుకున్నవాళ్లు, వేయించుకోనివాళ్లు, జబ్బు పడ్డవాళ్లు, పడనివాళ్లు, ఇలా నాలుగు గళ్ల పట్టిక. రెండు శాతాల తేడాగా చూస్తే ఒక జవాబు, పియర్సన్ పద్ధతిలో కై-స్క్వేర్‌గా చూస్తే ఇంకో జవాబు. రెండూ ఒకే పట్టికలోంచి. ఆ ముడిని 1922లో ఫిషర్ విప్పాడు. నాలుగు గళ్ల పట్టికకు మూడు కాదు, ఒకటే అన్నాడు. పియర్సన్ ఒప్పుకోలేదు, గొడవ పెద్దదైంది. తమాషా ఏమిటంటే, దాన్ని తేల్చడానికి అక్కరకొచ్చినవి పియర్సన్ కొడుకు ఎగాన్ పోగుచేసిన పట్టికలే. వేరే పని కోసం ఆయన దాదాపు 12,000 నాలుగు గళ్ల పట్టికలు తయారుచేసి 1925లో అచ్చువేశాడు. ఫిషర్ మరుసటి ఏడాది వాటన్నిటి కై-స్క్వేర్ సగటు చూపించాడు. తండ్రి చెప్పింది నిజమైతే సగటు 3 రావాలి, ఫిషర్ చెప్పింది నిజమైతే 1 రావాలి. దాదాపు ఒకటే వచ్చింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా మాస్టారు ఒక తోక తగిలించేవారు. ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసిన మన సి.ఆర్. రావు గారు 1948లో స్కోర్ టెస్ట్ అనే విశాలమైన పద్ధతి ఇచ్చారు, పియర్సన్ కై-స్క్వేర్ అందులో ఒక ప్రత్యేక రూపంగా ఇమిడిపోతుంది. రావు గారు లెక్కలు చదివింది వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో. మాస్టారు చదివిందీ అక్కడే. "మేమిద్దరం ఒకే కాలేజీ" అనేవారు, నడుమ ఎన్ని ఏళ్లున్నాయో చెప్పకుండా.

మళ్లీ బల్ల దగ్గరికి వద్దాం. మాస్టారికి 7.42 జవాబు కాదు, వాక్యం కావాలి. "హెచ్-నాట్ రిజెక్ట్ చేయడమైనది" అని రాస్తే సున్నా మార్కులు. ఆయన ఒప్పుకునే వాక్యం ఇలా ఉండేది: దోమతెర వాడకం మూడు తీరుల ఊళ్లలో ఒకేలా లేదు. అడవి గూడేల్లో 80 ఇళ్లకు 41, రోడ్డు పక్క ఊళ్లలో వందకు 71, గోదావరి గట్టున 60కి 38. సంబంధం లేకుండానే ఇంత తేడా రావడం నూటికి రెండు మూడు సార్లు జరిగే విషయం. ఎందుకు తేడా ఉందో ఈ పట్టిక చెప్పదు.

ఆ చివరి ముక్క రాయకపోతే అర మార్కు కోసేవారు. గూడెంలో వాళ్లకు దోమతెర అంటే గిట్టదని కొందరు పిల్లలు రాసేవాళ్లు. పంచిన తెరలు అక్కడిదాకా వెళ్లాయో లేదో, వెళ్లినవి చినిగిపోయాయో, పొలం కాపలాకు పోయినవాళ్లు మంచె మీద పడుకున్నారో, పట్టికకు ఏమీ తెలియదు. ఇంకో పొరపాటు ఏమిటంటే, సంబంధం లేదనడం నిజమయ్యే అవకాశం నూటికి రెండున్నర అని రాయడం. ఆ రెండున్నర, సంబంధం లేదని ముందే అనుకుని చేసిన లెక్క. ముందే అనుకున్న దాన్నే అది నిజమో కాదో ఎలా చెబుతుంది?

ఆశించిన సంఖ్య ఐదు కంటే తగ్గితే ఈ పరీక్షను నమ్మవద్దని పుస్తకాల్లో ఉంటుంది. మన దాంట్లో అతి తక్కువది 22.5, ఆ భయం లేదు. పిల్లలు గమనించిన సంఖ్య ఐదు దాటిందా అని చూస్తుంటారు, చూడాల్సింది ఆశించినది.

నన్ను అంతకంటే ఎక్కువ వేధించేది వేరే ఉంది. ఈ పరీక్ష ప్రతి ఇంటినీ విడి సాక్షిగా లెక్కిస్తుంది. ఇళ్లకు బదులు మనుషుల్ని లెక్కపెట్టి, ఒక్కో ఇంటికి నలుగురు అనుకుంటే, ప్రతి గడీ నాలుగింతలై కై-స్క్వేర్ కూడా నాలుగింతలై 29.68 అవుతుంది. కొత్తగా తెలిసింది మాత్రం ఏమీ లేదు, ఒకే తెర కింద పడుకున్న నలుగురిని నాలుగు సార్లు అడిగామంతే. ఊరికీ ఇదే వర్తిస్తుంది. 80 గూడెం ఇళ్లు నాలుగు గూడేలవి, ఒక్కోదానిలో ఇరవై అనుకోండి. 41 అనే సంఖ్య మూడు గూడేల్లో పదేసి, నాలుగో దాంట్లో పదకొండుగా రావచ్చు. లేదా రెండు గూడేల్లో ఇరవైకి ఇరవై, మూడో దాంట్లో ఒకటి, నాలుగో దాంట్లో సున్నాగానూ రావచ్చు. పట్టికకు రెండూ ఒకటే, 41. కానీ రెండో సందర్భంలో ఎనభై ఇళ్లు వేటికవి నిర్ణయించుకోలేదు, దోమతెరల బండి రెండు గూడేలకు వెళ్లింది, రెండింటికి వెళ్లలేదు. మన దగ్గరున్న సాక్షులు అప్పుడు ఎనభై కాదు, నలుగురే. 7.42 అప్పుడు ఉత్త మాట. దీన్ని పసిగట్టాలంటే ఊరివారీ లెక్క ముందు పెట్టుకోవడం తప్ప దారి లేదు.

గోదావరి వరస 0.02 ఇచ్చింది కదా అని అక్కడ ఏమీ లేదనుకోవడం కూడా తొందరపాటే. ఈ ప్రాంతం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014లో పాత ఖమ్మం జిల్లా నుంచి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం ఊరు ఇక్కడ ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు కాసేపు పక్క రాష్ట్రంలో నడిచి మళ్లీ ఇటు వస్తుంది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. 2011 జనగణన పట్టికలో "ఖమ్మం" అన్న వరస, ఇవాళ ఖమ్మం అంటే మనకు తోచే ఊళ్ల వరస కాదు. గట్టు మీది 60 ఇళ్లలో సగం ఒక రాష్ట్రానివి, సగం ఇంకో రాష్ట్రానివి అయితే, ఒక సగంలో ముప్ఫైకి 28, మరో సగంలో ముప్ఫైకి పది ఉన్నా వరస మొత్తం 38 అనే చెబుతుంది. ఆశించిన 37.5 పక్కన బుద్ధిగా కూర్చుంటుంది.

ఫోటో అడుగున, డస్టరు అందని చోట, మాస్టారి చేతిరాతలో ఒక ముక్క ఉంది. మొదట్లో నేను గమనించలేదు. "రేపు: ఊరివారీగా" అని రాశారు. ఆ రేపటి క్లాసు జరగలేదు. ఊరివారీ పట్టికలో ఏ అంకెలు వేయాలనుకున్నారో ఆయన నోట్సులో వెతికాం, దొరకలేదు. చర్ల అమ్మాయి ఇప్పుడు తనంతట తాను నాలుగు గూడేలకు నాలుగు వరసలు గీసుకుని కూర్చుంది. గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి, వచ్చే నెల పోయి ఇళ్లు లెక్కపెట్టి వస్తానంటోంది.